ఏడో బల్ల పిడికెడు

జానకిరామ్ గారి పరిపాలనలో మాట అనేది కరువు కాలపు గింజ. దాన్ని వృథాగా చల్లరాదు. కాశీబుగ్గ రైలుగేటు అవతల ఉన్న ఆ జీడిపప్పు ఫ్యాక్టరీలో మేనేజరు పీఠాన్ని అలంకరించిన తొమ్మిదేళ్ళలో, ఆయన ఒక్క మనిషినైనా బాగా చేశావని గాని, చెడగొట్టావని గాని అన్నట్టు చరిత్రలో ఎక్కడా నమోదు కాలేదు. తిట్టే మేనేజర్లను పలాస ఎరుగును. నవ్వే మేనేజర్లనూ ఎరుగును. వారిని చూసి మరీ జాగ్రత్తగా ఉండాలనీ ఎరుగును. ఈయన ఏ కోవకూ చెందడు. అందుచేత గ్రేడింగు హాల్లోని ఇరవై నాలుగు మంది ఆడవాళ్ళూ గత్యంతరం లేక ఒక శాస్త్రాన్ని నిర్మించుకున్నారు.

బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో చెప్పే శాస్త్రానికి ఇది ఏ విధంగానూ తీసిపోదు. పదిన్నరకు ఆయన హాల్లోకి వేంచేస్తాడు. బల్ల దగ్గర ఆగకుండా సాగిపోతే క్షేమమని ఒక శాఖ వారి మతం. ఆగకపోవడమే ఉపేక్ష, ఉపేక్షే పతనానికి మొదటి మెట్టని మరొక శాఖ వారి సిద్ధాంతం. ఆగి గింజను చూపుడువేలితో కదిపితే సందేహం. కళ్ళజోడు నుదుటి మీదికి తోస్తే కీడు. ఆయన దగ్గు మీద కూడా ఒక భాష్యం చాలాకాలం ప్రచారంలో ఉండేది గాని, అది చుట్టపొగ వల్ల వచ్చిన దగ్గని తేలాక ఆ భాగాన్ని పరిహరించారు.

ఇంత సమగ్రమైన శాస్త్రంలోనూ, ఆ గురువారంనాడు ఏడో బల్ల దగ్గర జరిగినదానికి సూత్రం లేకపోయింది.

ఏడో బల్ల మిరియంది. సుమ్మాదేవి నుంచి ఉదయం ప్యాసింజరు బండిలో వచ్చి, తలకు గుడ్డ కట్టుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఉత్తరపు కిటికీ వెలుగులో తన పీట మీద కూర్చుంటుంది. ఎదుట పోసిన గింజల రాశిలోంచి కుడి అరచేతితో కొంత ముందుకు లాగి పలచగా పరుస్తుంది. ఆ తరువాత ఆమె చూస్తున్నదో లేదో కూడా చెప్పడం కష్టం. బొటనవేలు గింజను తోస్తుంది, చూపుడువేలు అందుకుంటుంది, డబ్బాలో టిక్కుమని శబ్దం వస్తుంది. మాడిన గింజ ఎడమకు, బద్ద తన ఒడి వైపుకు, పొట్టు అంటుకున్నది పక్క చేటలోకి. మిగిలినవి రెండు డబ్బాల్లోకి. పౌనుకు రెండువందల నలభైకి మించకుండా తూగే పెద్ద గింజ రెండు నలభై. మూడువందల ఇరవై తూగే చిన్నది మూడు ఇరవై. చెప్పడానికి ఇంతే. కాని దేవుడు జీడిగింజను సృష్టించే సమయంలో ఈ రెండు సంఖ్యలనూ ఆయన దృష్టికి తీసుకెళ్ళినవారు లేరు. అందువల్ల అటూ ఇటూ కాని నడిమి గింజలు కోకొల్లలుగా పుట్టాయి. ఆ నడిమి గింజ ఏ డబ్బాదో కన్ను చెప్పదు, బొటనవేలు చెబుతుంది. మిరియం బొటనవేలు పదకొండేళ్ళుగా చెబుతూనే ఉంది.

అది నిజం చెబుతున్నదో లేదో ఆమెకు తెలిసే ఉపాయం మాత్రం లేదు. హాల్లో కాటా ఉండదు. కాటా మేనేజరుగారి అద్దాల గదిలో ఉంటుంది, దాని పక్క కాటా మనిషి పోలారావు ఉంటాడు. ఇంటికి పట్టుకెళ్ళి లెక్కపెట్టుకుందామంటే, సాయంత్రం గేటు దగ్గర కాపలా ఉండే కాసులమ్మ ప్రతి ఆడమనిషి చేతా కుచ్చిళ్ళు దులిపించి, కొంగుముడి విప్పించి గాని వదలదు. మనిషి చేసిన పని ఎలా ఉందో ఆ మనిషికి తప్ప తక్కిన అందరికీ తెలిసే ఏర్పాటు అది.

ఆ గురువారం జానకిరామ్ గారు ఆగారు. కళ్ళజోడు కదల్లేదు. చూపుడువేలు కదల్లేదు. ఆయన వంగి, రెండు నలభై డబ్బాలోంచి ఒక నిండు పిడికెడు గింజలు తీసి, జేబులోంచి నీలం కాగితం విప్పి, అందులో పోసి, పొట్లం కట్టి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

తీసిన గింజ తిరిగి డబ్బాలో పడకపోవడం ఆ హాల్లో అదే మొదలు.

కుడిపక్క ఎనిమిదో బల్ల మీద చిన్నమ్మి చెయ్యి ఆగలేదు. ఆమె బారువ పక్క రేవులో చేపలవాళ్ళ పిల్ల. ముప్పై ఏళ్ళుంటాయి. మగవాళ్ళు వేటకెళ్ళి వచ్చేదాకా సముద్రం ఏమంటుందో కనిపెట్టే ఇంట్లో పెరిగింది గనుక, మనుషుల మొహాలు కనిపెట్టే ఓపిక ఆమెకు మిగల్లేదు. శాస్త్రంలో నమ్మకంలేని నాస్తికురాలు ఆ హాల్లో ఆమె ఒక్కతే.

"అట్టికెల్లినాడు, వదినా. తినాలనిపించిందేమో" అంది.

నవ్వులు రాలేదు. ఎందుకంటే అంతకు ముందురోజే, గోనెపట్టా కప్పిన ఒక యంత్రం లారీ దిగింది. దానితోపాటు కేరళ నుంచి ఒక ఫిట్టరు దిగాడు. వాలుగా పెట్టిన రెండు రోలర్లు తిరుగుతాయట, వాటి మధ్య సందు పైన సన్నంగా మొదలై కిందికి పోనుపోను వెడల్పవుతుందట. చిన్న గింజ పైనే జారిపడుతుంది, పెద్దది కిందికంటా పోయి పడుతుంది. అంటే ఇరవై నాలుగు పీటలు అక్కర్లేదు. ఎన్ని అక్కర్లేదో, ఎవరివో, జానకిరామ్ గారు చెప్పలేదు. పీట పోయినవాళ్ళు ముక్కల వరండాకు పోతారని మాత్రం అందరికీ తెలుసు. అది కళ్ళు మందగించినవాళ్ళ స్థానం. అక్కడ చేటల్లో విరిగిన పప్పు చెరుగుతారు. అక్కడికెళ్ళిన మనిషి హాల్లోకి తిరిగి వచ్చిన దాఖలా లేదు.

మిరియంకు నలభై మూడు. రాత్రిళ్ళు బైబిలు అక్షరాలు కొంచెం దూరంగా పెట్టుకుని చదవడం మొదలై ఆర్నెల్లయింది. ఆ సంగతి ఆమె తన భర్త లూకాకు కూడా చెప్పలేదు.

శుక్రవారం ఆమె కూర్చున్నది పాత పీట మీదే గాని, పాత చెయ్యి మాత్రం రాలేదు. రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది: పిడికెడు పట్టుకెళ్ళాడంటే అందులో చిన్నవి దొరికాయన్నమాట. పెద్ద డబ్బాలో చిన్న గింజ పడిందన్నమాట. కాబట్టి బిగించాలి. బొటనవేలు ఒక నడిమి గింజను రెండు నలభై వైపు తోస్తే, ఆమె దాన్ని మళ్ళీ వెనక్కి తీసి, కిటికీ వెలుగుకు ఎత్తి చూసి, మూడు ఇరవైలో వేసింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె గింజను చూసి పని చేస్తోంది. పది గంటలకు మూడు ఇరవై డబ్బా నిండి పొర్లుతోంది. రెండు నలభై డబ్బాలో అడుగు కనిపిస్తోంది.

పదిన్నరకు ఆయన వచ్చారు. ఆగారు. డబ్బా అడుగును చూశారు. పిడికెడు తీశారు, పొట్లం కట్టారు, వెళ్ళారు. ఈసారి నాలుగు అడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి బల్లను ఒకసారి చూశారు.

ఆ చూపు మీద హాలంతా మధ్యాహ్నం అన్నాలు తింటూ చర్చ నడిచింది. బిగించడం వల్ల మెచ్చుకున్నాడని కొందరు, మరీ బిగించేసిందని కోపగించాడని కొందరు. మూడో బల్ల ముసలావిడ, పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది తుఫానుకు ముందురోజు కూడా ఆయన అలాగే వెనక్కి తిరిగి చూశాడని జ్ఞాపకం చేసింది. మిరియం క్యారేజీ మూత పెట్టేసింది. తాను ఎక్కడ తప్పిందో చెప్పేస్తే, తిట్టయినా సరే, గంజి తాగి నిద్రపోగలదు. తిట్టుకు ఒక అంచు ఉంటుంది. ఇక్కడిదాకా అని తెలుస్తుంది. దీనికి అంచు లేదు.

సాయంత్రం లూకా కొబ్బరి దింపులు ముగించుకుని, నడుముకు కట్టిన తాడు విప్పుకుంటూ వచ్చేసరికి, వాకిట్లో చాప మీద చింతపిక్కలు పోసుకుని పెళ్ళాం రెండు కుప్పలు చేస్తోంది. కొంతసేపు నిలబడి చూశాడు.

"ఏటే, గవ్వలాటా?"

విషయమంతా చెప్పింది. కళ్ళ సంగతి మాత్రం మింగేసింది. లూకా కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు. చెట్టు మీద మనిషికి కిందివాళ్ళు బాగుందని చెప్పాల్సిన పని లేదు. కాయ కింద పడుతుంది, తను పడకుండా ఉంటాడు, అంతటితో లెక్క తేలిపోతుంది. అందుకని ఆయనకు ఈ బాధ పూర్తిగా పట్టుబడలేదు. వెళ్ళి నోరు తెరిచి అడిగెయ్యమన్నాడు.

"అడిగితే ఏటంటాడో, మావా. అడిగినందుకే వరండాకి తోసీగల్డు."

"అడక్కపోతే మరేటి సేత్తావు? పిక్కలేరతావా?"

ఆమె ఒక పిక్కను ఇటు కుప్పలోంచి అటు కుప్పలోకి మార్చింది. శుక్రవారం నాటి చూపు గురించే ఆలోచిస్తోంది. నాలుగు అడుగులు వేసి తిరిగి చూశాడంటే బిగించడమే తప్పేమో. అడుగు కనిపించే డబ్బా ఏ మేనేజరుకు నచ్చుతుంది? పెద్ద గింజ ధర పెద్దది. దాన్ని చిన్నదాంట్లో పారేస్తే ఫ్యాక్టరీకి నష్టం కాదూ? ఇంత తేలికైన సంగతి తనకు తట్టనేలేదే అనుకుంది.

అందుచేత శనివారం ఆమె వదులు చేసింది. నడిమి గింజలన్నిటినీ ఉదారంగా రెండు నలభైలోకి పంపింది. బొటనవేలు అడ్డు చెప్పింది. ఆమె బొటనవేలి మాట వినలేదు. పక్క బల్ల మీంచి చిన్నమ్మి ఓరగా చూస్తూ, నిన్న పిసినారి, ఇయ్యాల దాతా అని వేళాకోళం చేసింది. ఆమె మటుకు ఏ రోజు మాదిరి ఆ రోజే టిక్కు టిక్కుమని వేసుకుపోతోంది. జానకిరామ్ గారు ఆనాడు కూడా ఆగి, ఏడో బల్ల నుంచి పిడికెడు తీసుకున్నారు. తిరిగి చూడలేదు. తిరిగి చూడకపోవడం మంచిదా చెడ్డదా అన్నది తేల్చుకోలేక, మిరియం ఆ మధ్యాహ్నం అసలు అన్నమే తినలేదు.

ఆదివారం ప్రార్థన అయిపోయాక, లూకాతో చుట్టాలింటికని చెప్పి, ఆమె టెక్కలి బస్సెక్కింది. అక్కడొక బడిలో కంటి పరీక్షల శిబిరం పెట్టారని చర్చిలో ప్రకటించారు. వరసలో రెండు గంటలు నిలబడింది. ముందున్నవాళ్ళంతా ముసలివాళ్ళు, చేతికర్రలు, నీరు కారే కళ్ళు. తనకు అద్దాలిస్తారు, సోమవారం వాటితో హాల్లో అడుగు పెట్టగానే అందరికీ తెలిసిపోతుంది, ఆ తరువాత పీట ఎక్కడుంటుందో చెప్పనక్కర్లేదు. ఇలా అనుకుంటూనే, అద్దాలిస్తే బాగుండునని కూడా ఆమెకు అనిపించింది. అప్పుడు కనీసం ఇదీ నా తప్పు అని చూపించుకోవడానికి ఒక వస్తువుంటుంది.

డాక్టరమ్మ చిన్న వయసుది. గోడ మీది అక్షరాలు, చేతిలోని అట్ట మీది అక్షరాలు, రెండూ చదివించింది. చివరి వరసలో మాత్రం రెండక్షరాలు తప్పింది మిరియం.

"వయసుకు వచ్చే చత్వారమే, అదీ ఇప్పుడిప్పుడే. చదువుకునేటప్పుడు కావాలంటే అద్దాలు పెట్టుకోవచ్చు. ఏం పని చేస్తారు?"

చెప్పింది.

"చేతికందేంత దూరంలో గింజలేగా? ఆ పనికి మీ కళ్ళు శుభ్రంగా సరిపోతాయి. చాలా బాగున్నాయి."

చాలా బాగున్నాయి. ఆ మాటను మిరియం బస్సులో సగం దారిదాకా మనసులో పట్టుకుని కూర్చుంది. ఎన్నాళ్ళకో ఒకరు ఆమెలో ఒక భాగాన్ని చూసి, బాగుందని నోటితో అన్నారు. తరువాత పలాస దగ్గర పడేకొద్దీ ఆ మాట చేదెక్కింది. కళ్ళు బాగుంటే తప్పు మరెక్కడుంది? చేతిలోనా? చేతికి పరీక్ష చేసే శిబిరం ఏ బడిలో పెడతారు?

సోమవారం ఆమె అడిగింది.

పదిన్నర దాకా ఆగలేదు. ఆగితే ధైర్యం ఉండదని తెలుసు. తొమ్మిదిన్నరకే పీట మీంచి లేచి, తలగుడ్డ సర్దుకుని, హాలు మధ్యగా నడిచి అద్దాల గది తలుపు దగ్గర నిలబడింది. ఇరవై మూడు జతల చేతులు ఆగాయి. లోపల జానకిరామ్ గారు టెలిఫోను ముందు కూర్చుని దాని వంక చూస్తున్నారు. అది మోగడం లేదు. విశాఖపట్నంలో ఉండే యజమాని యంత్రం సంగతి విని ఏమన్నదీ ఇంకా తెలియరాలేదు. ఆ యజమాని కూడా మాటల విషయంలో మహా పొదుపరి అని ప్రతీతి. కాటా పక్క పోలారావు తూకపు రాళ్ళు తుడుస్తున్నాడు. గది మూలన నీలం పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"బాబూ" అంది మిరియం.

ఆయన తలెత్తారు. ఆయన మొహం కఠినమైనది కాదు. దగ్గరగా చూస్తే అలసిపోయిన మొహం. గడ్డం సరిగా గీసుకోలేదు.

"నా పనిలో ఏటైనా తేడా ఒచ్చిందేటి, బాబూ? ఒచ్చుంటే సెప్పండి, దిద్దుకుంటాను. రోజూ నా బల్ల కాడ గింజలట్టికెల్తన్నారు. ఎందుకో తెలిత్తేగాని నా సెయ్యి సాగట్నేదు."

ఆయన ఆమె వంక చూశారు. పెదవులు కొంచెం విడివడ్డాయి. పోలారావు తుడిచే గుడ్డ ఆగిపోయింది. ఆ క్షణంలో ఒక మాట ఆయన గొంతు దాకా వచ్చి నిలిచిందని, చెబుతాడని, మంచో చెడో ఈ ఉదయం తేలిపోతుందని మిరియంకు నిశ్చయంగా అనిపించింది.

"పని చూసుకోమ్మా" అన్నారు జానకిరామ్ గారు.

నాలుగు రోజులుగా ఎదురుచూసిన ప్రవచనం అది. హాల్లోకి తిరిగి నడుస్తుంటే, అమ్మా అన్నాడు గనుక మంచిదేనని ఒక బల్ల నుంచి, పని చూసుకో అన్నాడంటే పని చూసుకోవడంలేదనేగా అని మరొక బల్ల నుంచి గుసగుసలు వచ్చాయి. ఆమె పీట మీద కూర్చుని గింజలు ముందుకు లాగింది. ఒక నడిమి గింజ బొటనవేలి కిందికి వచ్చింది. బొటనవేలు కదల్లేదు. శుక్రవారపు చెయ్యి కావాలా, శనివారపు చెయ్యి కావాలా అని అది ఆమెను అడుగుతోంది. అంతకుముందు ఇంకో చెయ్యి ఉండేది. అది ఎలా పని చేసేదో ఎంత జ్ఞాపకం చేసుకున్నా ఆమెకు అందలేదు. ఈత వచ్చినవాడు నడి ఏట్లో, కాలు ఎలా ఆడించాలని ఆలోచించి మునిగినట్టు, ఆమె రోజంతా ఒక గింజ అటు, ఒక గింజ ఇటు వేసింది. పదిన్నరకు ఆయన వచ్చి నాలుగో పిడికెడు పట్టుకెళ్ళారు. అటు పోతూ ఎనిమిదో బల్ల దగ్గర కూడా ఆగి, ఒకటి తీసుకున్నారు.

"నాకూ అంటుకుందిరా దేవుడా" అంది చిన్నమ్మి, చెయ్యి ఆపకుండానే.

మంగళవారం ఏడో బల్ల దగ్గర ఎవరూ ఆగలేదు. పొద్దుటా సాయంత్రమూ కూడా ఎనిమిదో బల్ల నుంచే పిడికెళ్ళు వెళ్ళాయి. హాలు వెనక నుంచి యంత్రం చప్పుడు వినిపించింది. తిరగడం, ఆగడం, రెంచితో కొట్టడం, మళ్ళీ తిరగడం. నాలుగు గంటల వేళ ఒక పొడుగాటి చప్పుడు, ఆగకుండా, నున్నగా. మిరియం మాత్రం లోలోపల తేలికపడింది. తన పిడికెడు తియ్యలేదంటే తను దిద్దుకున్నట్టే అని, దోషం ఎనిమిదో బల్లకు మారిందని అర్థం చేసుకుంది. చిన్నమ్మి మీద జాలిపడి, ఇంటికెళ్ళేటప్పుడు రెండు అరటిపళ్ళు కొనిపెట్టింది కూడా.

ఆ ఫ్యాక్టరీలో ఉత్తర్వులు కాగితం మీద వెలువడవు. ప్రతి మనిషికీ ఒక పీట ఉంటుంది. మీద మేకుతో గీసిన గుర్తు ఉంటుంది. మిరియం పీట మీద చిన్న సిలువ, చిన్నమ్మి పీట మీద చేప. రాత్రి గడిచి పొద్దున వచ్చేసరికి పీట ఎక్కడుంటే మనిషి అక్కడికి పోవాలి. నోరు మెదపకుండా రాజ్యం నడపడానికి ఇంతకంటె నాగరికమైన పద్ధతిని ఏ చక్రవర్తీ కనిపెట్టలేదు.

బుధవారం పొద్దున చేప గుర్తు పీట యంత్రం నోటి దగ్గర కొత్త బల్ల ముందుంది. సిలువ గుర్తు పీట హాల్లో ఎక్కడా లేదు.

మిరియం ఏడో బల్ల కింద చూసింది, గోడవార చూసింది. ఎవరూ ఆమె వంక చూడలేదు. చివరికి తనంతట తనే వరండాలోకి నడిచింది. అక్కడ, ఎండ పడే చివర, ముక్కల చేటల మధ్య పీట ఉంది. కూర్చుంది. చేట అందుకుంది. చెరగడం మొదలెట్టింది. విరిగిన పప్పుకు కొలత ఉండదు. అది ఏ డబ్బాకూ చెందదు.

మధ్యాహ్నం పోలారావు ముక్కల బస్తా తూకానికి పట్టుకెళ్ళడానికి వచ్చాడు. బస్తా మూతి బిగించి, ఎత్తకుండా కొంతసేపు నిలబడ్డాడు. ఆయన కాటా ముళ్ళు చూసి చూసి మితభాషి అయిన మనిషి, అయినా మనిషే.

"ఎంత పని సేసినావమ్మా" అన్నాడు.

ఏం చేసిందని అడిగింది ఆమె. ఆయన అద్దాల గది వైపు ఒకసారి చూసి, బస్తా పక్క చతికిలబడి చెప్పాడు. రోలర్ల మధ్య సందు ఎంత ఉండాలో కేరళ ఫిట్టరుకు తెలియదు. ఈ ఊరి గింజ తీరు వేరు. ఎవరిదో ఒక చెయ్యి కొలతగా కావాలి. రెండు నలభై డబ్బాలో పడిన అన్నిటికన్నా చిన్న గింజ ఎంతుంటే, అక్కడ సందు బిగించాలి. అందుకు మేనేజరు ఏడో బల్లకు నడిచాడు.

"బేస్తారం నీ పిడికిట్లో సిన్న గింజలేరి రోలర్ల మీద ఒగ్గితే, అన్నీ ఒక్క జాగాలోనే రాలినాయమ్మా. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పక్కకి పోనేదు. ఆ కేరళోడు నోరెల్లబెట్టీసినాడు. మేనేజరు బాబు ఏటన్నాడో తెలుసా? 'ఈ చెయ్యికే బిగించాలి. యంత్రం దగ్గర ఆవిణ్ణే కూర్చోబెట్టాలి' అన్నాడు. నాను సూడగా ఆయన నోట ఒక మనిసిని మెచ్చుకోడం అదొక్కటే."

చేట ఆగిపోయింది.

"మరి నాతో అన్నేదేటి?"

"నానూ అడిగినాను. సెప్తే సెయ్యి మారిపోద్దన్నాడు. తెలీకుండా మూడ్రోజులు సూడాల, మూడ్రోజులూ ఒక్కలాగొత్తే బోల్టు బిగించీయాలన్నాడు. సుక్రోరం నీ గింజలు కిందెక్కడో పడ్నాయి. సెనోరం పైనెక్కడో పడ్నాయి. సోమారం ఎక్కడివక్కడే. ఎనిమిదో బల్లవి రెండ్రోజులూ, మూడు మాట్లు తీసినా, ఒక్కలాగే ఒచ్చినాయి. నీ అంత సరికాదు గానీ, ఒక్కలాగ."

సోమవారం తాను గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు విడివడిన ఆ పెదవులు ఆమెకు గుర్తొచ్చాయి. అప్పటికి ఇంకా బోల్టు బిగించలేదు.

"ఎల్లి సెప్పీనా, బాబూ? బెదిరిపోయి మార్సీసినానని?"

"ఫిట్టరు పొద్దున్నే బండెక్కీసినాడు. ఆ బోల్టు మరి ఇప్పరు." పోలారావు బస్తా భుజానికెత్తుకున్నాడు. కొంచెం దూరం పోయి ఆగాడు. "యజమాని ఇంకా ఫోను సెయ్యనేదు. మేనేజరు బాబు కూడా నిన్నట్నించి అన్నం తిన్నేదు" అని, ఇది ఎందుకు చెప్పాడో తనకే తెలియనట్టు వెళ్ళిపోయాడు.

మిరియం ఏడవలేదు. ఏడుపుకు కూడా ఇటో అటో తేలాలి. పదకొండేళ్ళుగా ఆమె తెలుసుకోవాలనుకున్న మాట ఉంది, నిజంగానే ఉంది; గురువారం పదకొండు గంటలకు ఒక అద్దాల గదిలో, ఆమె బల్లకు ముప్పై అడుగుల దూరంలో, అది పుట్టింది. ఆమెకు చేరేలోగా చనిపోయింది. ఈ చుట్టుపక్కల అంత సరైన చెయ్యి లేదు. ఒకప్పుడు. ఆమె కుడి అరచేతిని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, చాలాసేపు, పోయినవాళ్ళ వస్తువును చూసినట్టు చూసింది.

మర్నాడు అన్నాల వేళ చిన్నమ్మి వరండాలోకి వచ్చింది. క్యారేజీ విప్పింది గాని తినలేదు. వెటకారం లేని చిన్నమ్మి మొహాన్ని మిరియం అప్పుడే చూడడం. కళ్ళ కింద నల్లబడింది.

"నన్నెందుకు పీకీసినాడు, వదినా, నా బల్ల కాణ్ణించి?" అంది. "ఆ మిసను పక్కన ఒక్కదాన్నీ కూకోబెట్నాడు. గింజ దిగతాది, నాను సూత్తాను. ఆడు ఒత్తాడు, నా ఎనకాల నిలబడతాడు, ఎల్లిపోతాడు. తప్పు సేసినాననా? నన్నక్కడ పెట్టి నిగా ఏసినాడా? నిన్న రాత్రి కన్ను మూత పళ్ళేదు. ఇయ్యాల నా సెయ్యి నా మాటినట్నేదు."

మిరియం చేటలోని ముక్కలను చేత్తో సమం చేసింది.

ఆమెకు తెలుసు. ఆ వరండాలో, ఆ హాల్లో, ఈ పిల్ల ప్రశ్నకు జవాబు తెలిసినది ఆమెకొక్కదానికే. ఊరుకోవచ్చు. ఊరుకుంటే రేపు చిన్నమ్మి బిగిస్తుంది, ఎల్లుండి వదులు చేస్తుంది, వారం తిరిగేసరికి చేప గుర్తు పీట కూడా ఈ ఎండ చివరికే వస్తుంది. అప్పుడు యంత్రం దగ్గర జాగా ఖాళీ అవుతుంది. ఊరుకోవడానికి ఏ శ్రమా లేదు. మాట లోపలే ఉంటుంది, భద్రంగా, బరువుగా, ఒక పెద్దరికంలాగా. ఎదుటి మనిషి మొహం మన పెదవుల వంకే చూస్తూ ఉంటుంది. ఇందులో ఇంత హాయి ఉంటుందని మిరియం ఏనాడూ అనుకోలేదు. అద్దాల గదిలో కూర్చున్నవాడి మీద ఆమెకు మొట్టమొదటిసారి అసహ్యం పుట్టింది, అతను తనకు అర్థమైనందుకు.

"ఒలే సిన్నమ్మీ" అంది. "నీ సెయ్యి మంచిది. ఒక్కలాగుంటాది. అందుకే నిన్నక్కడ కూకోబెట్నాడు. ఆ మిసను నీ సెయ్యికే బిగించినారు. నువ్వు మార్సీకు. ఎవులెలగ సూసినా, ఎనక్కి తిరిగి సూసినా, సూడకపోయినా, నువ్వు మార్సీకు."

చిన్నమ్మి ముందుకు జరిగింది.

"ఎవులు సెప్పినారు?"

"నాను సెప్తన్నాను. పదకొండేళ్ళు నీ పక్కన కూకున్నాను, నాకు తెల్దా?"

వరండా చివర్లో ఎవరో ముక్కలు చెరుగుతుంటే పొట్టు లేచి ఎండలో తేలుతోంది. చిన్నమ్మి క్యారేజీ గిన్నె మూతను ఒళ్ళో పెట్టుకుని, దాని అంచును బొటనవేలితో రాస్తూ కూర్చుంది. సముద్రం వంక మొహం తిప్పి పెరిగిన మనిషి, మొహం దాచుకోవడం ఎలాగో తెలియక, అలాగే ఎదురుగా పెట్టి అడిగింది.

"మరోపాలి సెప్పు, వదినా."

మిరియం మళ్ళీ చెప్పింది.